పట్టికమ్మ కృతజ్ఞతలు

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రిలో పాత కంప్యూటర్ వ్యవస్థను ఆపేసి కొత్తదాన్ని మొదలుపెట్టారు. లక్షా ఎనభై ఆరు వేల మంది రోగుల వివరాలు పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి చేరాయి. సోమవారం గడిచింది, మంగళవారం గడిచింది, ఏ వార్డు నుంచీ ఫిర్యాదు రాలేదు. బుధవారం పొద్దున ప్రాజెక్టు మేనేజరు తొమ్మిది నెలల తర్వాత మొదటిసారి ఫోను చూడకుండా పళ్ళు తోముకుంది. గుండెల మీంచి బండ దిగినట్టుంది ఆవిడకు.

బృందంలో ఆవిడ పేరు పట్టికమ్మ. రేపటి పనులకో పట్టిక, ఎల్లుండి రాబోయే గండాలకో పట్టిక, ఆ పట్టికలన్నీ ఎక్కడున్నాయో చెప్పడానికి మరో పట్టిక. ఎదురుగా అందరూ మేనేజరుగారూ అనేవారు, ఆవిడ అటు తిరగ్గానే పట్టికమ్మ. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలియనట్టు ఉండటం ఇంకా బాగా తెలుసు.

ఇక మిగిలింది ఒకే పని, బృందానికి కృతజ్ఞతల ఉత్తరం. పని ముగిసిన వారంలోపే అది వెళ్ళాలి. ఆలస్యమైతే ఉత్తరం చల్లారిపోతుంది. ఆ సంస్థలో మరో అలవాటు కూడా ఉంది. ఉత్తరం కాపీ ఒకటి డైరెక్టరుకు కూడా వెళుతుంది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళలో ఎవరిని ఉంచాలి, ఎవరిని పంపాలి అని శుక్రవారం కూర్చుని నిర్ణయించేటప్పుడు ఆయన ముందుండేవి రెండే కాగితాలు. ఒకటి ఈ ఉత్తరం, రెండోది మేనేజరు వారం వారం పంపిన నివేదిక.

టిఫిన్ దగ్గర ఆవిడ చిత్తుప్రతిని భర్తకు చూపించింది. ఆయన బడిలో సైన్సు మాస్టారు. "ప్రియమైన మిత్రులారా, మీరందరూ రాత్రనక పగలనక శ్రమించి" అని మొదలైన ఆ పేజీని ఆయన చివరిదాకా ఓపిగ్గా చదివాడు.

"బాగుంది. మా బడి వార్షికోత్సవానికి పనికొస్తుంది. ఓ కాపీ ఇవ్వు."

"ఏం, అంత అన్యాయంగా ఉందా?"

"అన్యాయమని కాదే. ఇందులో ఎవరు ఏం చేశారో ఎక్కడుంది? నాకు ఇలాంటి ఉత్తరం వస్తే మడిచి బల్లకోడు కింద పెడతాను."

ఆవిడకు కోపం వచ్చింది. బస్సులో సగం దూరం వెళ్ళేసరికి అది తగ్గి, ఆయన చెప్పింది నిజమేనని ఒప్పుకోవలసి వచ్చింది. ఇలాంటివి ఎన్నో రాసిన మనిషికి ఆ సంగతి తెలియక కాదు. ఒక పేరు దగ్గర చెయ్యి ఆగిపోతోంది కాబట్టే ఆవిడ అందరినీ ఒకే దుప్పటి కింద కప్పేసింది.

ఆ పేరు పరీక్షలు చేసే అమ్మాయిది. కొత్త వ్యవస్థలో తప్పులు వెతకడం ఆమె పని. మనిషి ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. బృందంలో అందరూ భూతద్దం అనేవారు. నెల రోజుల క్రితం వివరాలు మార్చే రెండో రిహార్సల్ అయ్యాక, అంతా సిద్ధమని సంతకాలు పెట్టే సమావేశంలో భూతద్దం కలం పట్టుకోలేదు.

"ఏ మందులు పడవు అన్న గడి చూడండి. రోగులందరికీ ఏదో ఒకటి నిండి ఉంది. పాతదాంట్లో చాలామందికి ఖాళీగా ఉండేది. ఖాళీలన్నీ ఎక్కడికి పోయినట్టు?"

"గోరంతదాన్ని కొండంత చెయ్యకమ్మా. మొదలయ్యాక చూసుకుందాం. సంతకం పెట్టు," అంది పట్టికమ్మ అందరి ముందూ.

ఆ అమ్మాయి పెట్టలేదు. లేచి నేరుగా మూడో అంతస్తు వార్డుకు వెళ్ళి పెద్దనర్సును అడిగింది. ఆ నర్సు చెప్పిన మాట ఏ పత్రంలోనూ లేదు. పాతదాంట్లో "అడిగాం, ఏవీ లేవన్నారు" అని రాసే వీలు లేక నర్సులు ఆ గడిలో చుక్క పెట్టేవారు. ఖాళీగా ఉంటే రోగిని ఇంకా అడగలేదని అర్థం. పదేళ్ళుగా వాళ్ళలో వాళ్ళకు ఉన్న ఏర్పాటు అది. ప్రోగ్రామరు ఆ చుక్కల్ని చెత్త అనుకుని తుడిచేశాడు, తర్వాత ఖాళీలన్నిటికీ "లేవు" అని నింపాడు. అడగని పదకొండు వేల మందికి ఏ మందైనా పడుతుందని కొత్త తెర చెప్పేది.

ప్రారంభాన్ని వారం వెనక్కి జరిపారు. ప్రోగ్రామరు రెండు రోజుల్లో సరిచేశాడు. చుక్క ఉంటే "లేవు", ఖాళీ ఉంటే ఎర్ర అక్షరాల్లో "అడగలేదు". మూడో రిహార్సల్ తర్వాత పాత లెక్క, కొత్త లెక్క పక్కపక్కన పెట్టి చూస్తే ఒక్కటి కూడా తేడా రాలేదు. అదంతా సరే. కానీ ఆ వారం నివేదికలో పట్టికమ్మ రాసిన వాక్యం మాత్రం ఇది: "పరీక్షల విభాగం కారణంగా వారం ఆలస్యం." ఆ వాక్యం డైరెక్టరు దగ్గరుంది. ఆ అమ్మాయి కాంట్రాక్టు నెలాఖరుతో ముగుస్తుంది.

ఆఫీసులో కూర్చుని ఆవిడ చిత్తుప్రతిని చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్కొక్కరికి ఒక్కొక్క పేరా. ఏం చేశారు, దానివల్ల ఎవరికేం మేలు జరిగింది. పంపేముందు ఎవరి పేరా వాళ్ళకు చూపించింది. సర్వర్లు చూసే ఆయన జ్వరంతో పనిచేసిన సంగతి తీసేయమన్నాడు.

"ఇంట్లో తెలిస్తే మా ఆవిడ ఊరుకోదండి," అన్నాడు.

ఆవిడ తీసేసింది.

ప్రోగ్రామరు తన పేరా చదివి తల గోక్కున్నాడు. "చుక్కలు తుడిచింది నేనే అని రాయలేదేంటక్కా?"

"ఇది కృతజ్ఞతల ఉత్తరం. ఇందులో ఇంకొకరి తప్పులు రాయకూడదు. నావైతే రాయొచ్చు."

భూతద్దం పేరా ఒక్కటే ఆవిడ ఎవరికీ చూపించలేదు. చూపిస్తే వద్దంటుందని భయం. రాయడానికి గంట పట్టింది. నాలుగుసార్లు మెత్తబరిచింది, నాలుగుసార్లూ అబద్ధంలా కనిపించింది. చివరికి ఇలా ఉంచింది:

"సంతకం పెట్టమని నేను ఒత్తిడి చేశాను. నువ్వు పెట్టలేదు. వార్డుకు వెళ్ళి, మేమెవరమూ అడగని ప్రశ్న అడిగావు. పదకొండు వేల మంది రోగుల విషయంలో పొరపాటు జరగకుండా ఆపింది ఆ ప్రశ్నే. ఆ వారం ఆలస్యం నీవల్ల జరిగిందని నివేదికలో రాశాను. అది తప్పు. నేను నీ మాట అందరి ముందు కొట్టిపారేశాను, అందరి ముందే కృతజ్ఞతలు చెబుతున్నాను. చుక్కల రహస్యం చెప్పిన పెద్దనర్సుగారికి కూడా."

ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఆవిడ తన తప్పును కాగితం మీద పెట్టింది లేదు. పంపేసింది.

గంటకు డైరెక్టరు ఫోను చేశాడు.

"నివేదికలో వేరేగా ఉందే?"

"ఉత్తరంలోదే నిజం సార్. నివేదిక సరిచేసి ఇప్పుడే పంపుతాను."

"ఇది మీ వార్షిక మదింపులోకి వస్తుంది, తెలుసుగా?"

"తెలుసు సార్."

"సరే. ఆ అమ్మాయి కాంట్రాక్టు ఏడాది పొడిగించమని చెబుతున్నాను. శుక్రవారం దాకా ఎందుకు?"

పట్టికమ్మ ఫోను పెట్టేసి కుర్చీలో వెనక్కి వాలింది. మదింపు సంగతి గుర్తుంది, అయినా పొద్దుటి ఊరట కంటే ఇదే పెద్దదనిపించింది ఆవిడకు. ఈ మాట ఆ అమ్మాయికి తానే చెప్పాలని లేచి వెళ్ళింది. బల్ల దగ్గర లేదు. తెర మీద ఉత్తరం తెరిచి ఉంది, దాని పైన డైరెక్టరు ఆఫీసు నుంచి వచ్చిన రెండు వాక్యాల కబురు.

నడవా చివర కిటికీ దగ్గర ఆ అమ్మాయి ఇటు వీపు పెట్టి ఫోనులో మాట్లాడుతోంది.

"ఆంటీ, నేనండి, పైవాటాలో ఉంటాను. నెలాఖరుకి ఖాళీ చేస్తానన్నాను కదా, ఆ గది ఇంకెవరికీ మాటివ్వకండి. నేనే ఉంటాను."