ధనరాజ్ మాటలు కుడివైపు

కువైట్‌లో ఇరవై ఏళ్ళు అరబ్బీ టైపు చేసి వచ్చిన జగన్నాధం శ్రీకాకుళంలో అనువాదాల కొట్టు పెట్టాడు. చేపలమ్మే కుమారి మొగుడు ధనరాజ్ ఆ దేశంలోనే వెల్డరు. చెప్పకుండా పారిపోయాడని అక్కడి తెలుగు ఫోర్‌మన్ అతని మీద ఫిర్యాదు చేశాడు. వెళ్ళమన్నది ఫోర్‌మనేనని చూపే స్క్రీన్‌షాట్లు ధనరాజ్ తన ఫోన్లోంచి పంపితే, అరబ్బీలో రాయించడానికి కుమారి కొట్టుకి తెచ్చింది.

"ఎల్లిపో బావా, నే సూసుకుంతాను 👍" అన్న ఫోర్‌మన్ ముక్క ఒక్కదాని మీద జగన్నాధం పూటంతా కూర్చున్నాడు. ఇక్కడ బావంటే చుట్టం కాదని అడుగున వివరణ రాశాడు. బొటనవేలు బొమ్మ ఉంచి, పక్కనే దాని అర్థం రాశాడు. టైములు ఉన్నవున్నట్టు దించాడు. పేర్లు లేకుండా, స్క్రీన్‌షాట్‌లో లాగే ఫోర్‌మన్ మాటలు ఎడమవైపు, ధనరాజ్ మాటలు కుడివైపు పెట్టాడు. కింద "క్షుణ్ణంగా సరిచూడబడినది" అని ముద్ర వేశాడు.

వారానికి ధనరాజ్ తరఫున అక్కడి వకీలు ఫోన్ చేశాడు. ఫోర్‌మన్‌ని వెళ్ళిపొమ్మని మీవాడే అన్నాడేమిటని అధికారులు అడుగుతున్నారట. అరబ్బీ కుడి నుంచి ఎడమకి నడుస్తుంది కాబట్టి, ఆ అధికారుల్లా అరబ్బీలో పెట్టుకున్న ఫోన్లో సొంత మాటలు ఎడమవైపు వస్తాయి. జగన్నాధం ఇరవై ఏళ్ళూ, గొప్ప కోసం, ఫోన్ ఇంగ్లీషులోనే ఉంచుకున్నాడు.

విషయం విని కుమారి అంది: "రేవులో గంపలన్నీ పక్కపక్కనే ఉంతాయి మావా. అందుకే ఎవుల గంపకి ఆల గుర్తు కట్టుకుంతాం."

జగన్నాధం ప్రతి మాట ముందూ పేరు రాశాడు. కింద మొన్నటి "క్షుణ్ణంగా సరిచూడబడినది" ముద్రే మళ్ళీ వేశాడు.