తెల్ల తెర మీద తెల్ల జుట్టు

"ముఖం ముట్టద్దంటే ఫోటోల జుట్టుకు నల్లరంగు ఎందుకేస్తున్నవ్?" అన్నాను.

"జుట్టు ముఖమెట్లయితది పెద్దమ్మా? వెనుక తెలుపు, మీ జుట్టు తెలుపు. నెత్తి యాడ అయిపోయిందో తెలుస్తలేదు," అన్నాడు కూకట్‌పల్లి ఫోటో స్టూడియో అతను.

"ఈ నల్లజుట్టామె ఎవరని అడిగితే చెప్పనీకి నువ్వొస్తవా?"

దుబాయిలో మా బిడ్డకు నెలలు నిండుతున్నాయి. నేను పురుటికి పోవాలంటే తెల్లవారితే వీసా దరఖాస్తు ఇవ్వాలి. కండ్లకలకతో నా కళ్ళు వాచాయి గనుక కొత్త ఫోటో దిగలేను. ఉన్నదల్లా పోయిన నెల నీలం పరదా ముందు దిగిన ఫోటో; వీసాకేమో వెనుక తెలుపే ఉండాలట.

అతను నవ్వి, వేసిన రంగంతా తీసేశాడు. కంప్యూటరులో నా తల గుమ్మడికాయంత అయింది. జుట్టు అంచు వెంట మౌసుతో మెల్లగా గీత గీసి, గీత బయటి నీలాన్ని మాత్రమే తెలుపు చేశాడు. వెంట్రుకల అంచున బూడిదరంగు నీడ అలాగే మిగిలింది, నెత్తి తెలిసింది. నా ముడతలు, అమ్మవారు పోసిన మచ్చలు ఒక్కటీ కదలలేదు. కూర్చున్న మనిషిని లేపకుండా వెనుక గోడ మార్చినట్టుంది.

మరునాడు పొద్దున వీసా ఏజెంటు ఫోటోను, నన్ను మార్చి మార్చి చూశాడు. "కండ్ల వాపు తగ్గినంక గిట్లనే ఉంటరు గద అమ్మా," అంటూ దాన్ని దరఖాస్తు మీద అంటించాడు.