శాశ్వతంగా మూసేశారన్న షాపు

కుట్టుమిషను కొట్టుకుంటుంటే దాని చప్పుడు విని జబ్బేమిటో చెప్పగల మనిషి ఆ వీధిలో ఒక్కతే ఉంది. ఆమెను అందరూ నూనెక్క అంటారు. చేతిలో నూనెడబ్బా లేకుండా ఆమెను చూసినవాళ్లు తక్కువ. భర్త పోయి నాలుగేళ్లయింది. ఆ మాట వినగానే కళ్లు తుడుచుకునే బాపతు జనమంటే ఆమెకు ఒళ్లు మంట. ‘‘ఆయన ఉన్నప్పుడూ రిపేర్లు నేనే చేశాను. ఆయన కబుర్లు చెప్పేవాడు, బాగా చెప్పేవాడు,’’ అనేది. షాపు బోర్డు మీద మాత్రం ఇప్పటికీ ‘బ్రదర్స్ కుట్టుమిషన్ల రిపేరు’ అనే ఉంది. ఆ బ్రదర్స్‌లో ఒకాయన లేడు. రెండో ఆయన, అంటే ఆమె మరిది, పెద్దరోడ్డు మీద కొత్త మిషన్ల షోరూం పెట్టుకుని విడిపోయాడు.

నెలరోజులుగా షాపులో ఫోను మోగడం లేదు. ఎండల వల్లనుకుంది. ఒకరోజు సాయంత్రం పాత ఖాతాదారు ఒకావిడ మిషను తల సంచిలో వేసుకుని వచ్చి, గుమ్మంలో నిలబడి తెల్లబోయింది.

‘‘అక్కా, తీసే ఉన్నావా? ఎందుకైనా మంచిదని వచ్చాను గానీ, ఫోనులో మ్యాపు చూస్తే నీ షాపు శాశ్వతంగా మూసేశారని ఉంది.’’

‘‘ఎవరు మూశారు?’’

‘‘అక్కడున్న నంబరుకు చేస్తే మీ మరిది ఎత్తాడు. పాతది తీసేశాం, షోరూముకు రండి అన్నాడు.’’

నూనెక్క చేతిలోని స్క్రూడ్రైవరు బల్ల మీదకు విసిరింది. బతికుండగానే దినం పెట్టేశాడు! షాపు మ్యాపులో ఎక్కించిన రోజుల్లో పనులన్నీ మరిదే చూసేవాడు. తన మెయిలుతో, తన నంబరుతో పెట్టుకున్నాడు. విడిపోయేటప్పుడు మిషన్లు పంచుకున్నారు, రెంచీలు పంచుకున్నారు, మ్యాపులో పేరు సంగతి ఎవరికీ తోచలేదు. తోచినవాడు ఒక్కడే, వాడు నోరెత్తలేదు.

ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసే కూతురు ఆ రాత్రే మ్యాపులో షాపు పేజీ తెరిచి ‘ఇది మా వ్యాపారం’ అని హక్కు అడిగింది. ముందున్న యజమానికి కబురు వెళుతుంది, మూడు రోజులు చూస్తారు, జవాబివ్వకపోతే మనకు ధ్రువీకరణ అవకాశం రావచ్చు అని చెప్పింది. మరిది జవాబివ్వలేదు. ఎప్పుడో పెట్టిన ఆ మెయిలు తెరిచే అలవాటు ఆయనకు లేదు. నాలుగో రోజు అవకాశం వచ్చింది. పోస్టుకార్డు పంపుతామంది మ్యాపు. అందులో అయిదంకెల కోడు ఉంటుంది, ముప్ఫై రోజుల్లోపు అది కొట్టాలి.

‘‘అమ్మా, కార్డొచ్చేదాకా పేజీలో ఏమీ ముట్టుకోకు. కార్డొస్తే నాకివ్వు, అంతే.’’

‘‘నాకు చెప్పొచ్చావా!’’

ఇక్కడే ఆమె పని అలవాటు ఆమె కొంప ముంచింది. ఇనుప స్టాండు ఒక కాలు కుంటితే మిషను గడగడలాడుతుంది. ఆ కాలు కింద దళసరి కాగితం ముక్క మడిచి, గమ్ముతో అంటించడం ఆమె పద్ధతి. అందుకని షాపుకు వచ్చే ప్రకటనల కార్డులన్నీ కత్తిరించి ఒక డబ్బాలో వేసి ఉంచుతుంది. కోడు కార్డు తన పేరున వస్తుందని ఎదురుచూసింది. అది వచ్చింది ‘బ్రదర్స్’ పేరున. బ్రదర్స్ పేరున వచ్చేదేదైనా ఆమె దృష్టిలో చెత్తే. మరిదిని తలచుకుని పళ్లు కొరుకుతూ, తిప్పి చూడకుండానే కత్తెర వేసి నాలుగు ముక్కలు చేసింది.

పన్నెండు రోజులు దాటాక కూతురు పోస్టుమ్యాన్‌ను నిలదీసింది.

‘‘మొన్న మంగళవారం ఇచ్చానమ్మా. మీ అమ్మ చేతికే. తీసుకుంటూ ఎవరినో తిడుతోంది కూడా.’’

డబ్బా బోర్లించారు. మూడు ముక్కలు దొరికాయి. ఒకదాని మీద కోడు మొదటి మూడంకెలు. నాలుగో ముక్క రెండు రోజుల కిందట రిపేరై వెళ్లిన ఒక టైలరమ్మ స్టాండు కాలికింద ఉందని నూనెక్కకు గుర్తొచ్చింది.

నూనెక్క చెప్పులేసుకుంది. రెండు వీధులు దాటి, ఆ ఇంట్లోకి దూసుకెళ్లి, టైలరమ్మ జాకెట్టు చేతులు కుడుతుండగానే స్టాండు పట్టుకుంది.

‘‘లెయ్యి వదినా, కాలెత్తాలి.’’

‘‘ఎవరి కాలు?’’

‘‘మిషను కాలు! అంకెలున్నాయి దాని కింద.’’

‘‘రిపేరు చేసి నంబర్లు కూడా వేసిస్తున్నావా? ఆగు, దారం తెగుతుంది.’’

గమ్ముతో అతుక్కున్న ముక్కను గోటితో గీకి తీసింది. చివరి రెండంకెలు చెక్కుచెదరలేదు. గెలిచినట్టు ఇంటికి పరిగెత్తి, కూతురి ముందు పెట్టింది. కూతురు ముఖం వాడిపోయింది.

‘‘అమ్మా... నువ్వటు వెళ్లగానే కొత్త కోడుకు అడిగాను. కొత్తది అడిగితే పాతది చెల్లదు.’’

‘‘అర్ధగంట ఆగలేకపోయావా?’’

‘‘నువ్వు తిప్పి చూడలేకపోయావా?’’

ఆ పూట అన్నం గిన్నెల చప్పుడే మాట్లాడింది. రెండో కార్డు ఎంతకీ రాలేదు. ఇంకా రెండు వారాలు శాశ్వతంగా మూసి ఉన్న షాపులో కూర్చుని నూనెక్క రోజుకు ఒక మిషను, ఒక్కోరోజు అదీ లేకుండా, తలుపు వంక చూస్తూ గడిపింది. మనిషి కళ్లెదుట ఉన్నా కాగితం ఉంటేనే నమ్మే లోకం మనకు కొత్త కాదు. ఇప్పుడు కాగితాన్ని కూడా ఫోనే నమ్మాలి, అంతే తేడా.

చివరికి కూతురు మళ్లీ ప్రయత్నిస్తే ఈసారి మ్యాపు వీడియో అడిగింది. ఒకే బిగిన తీయాలి, మధ్యలో ఆపకూడదు, అతికించకూడదు. వీధి పేరు, చుట్టుపక్కల, షాపు బోర్డు, పనిముట్లు కనిపించాలి. షాపు మన చేతిలో ఉందని రుజువుగా తాళం తీసి చూపించాలి. మనుషుల ముఖాలు వద్దు.

‘‘ముఖం అక్కర్లేదా? మంచిది. ఇప్పుడు నా ముఖం చూస్తే ఫోను పగులుతుంది.’’

మొదటిసారి ఆమె కోపంతో ఎంత జోరుగా నడిచిందంటే, ఫోను పట్టుకుని వెనక పరిగెత్తిన కూతురి వీడియోలో వీధి పేరు గాలిపటంలా ఊగింది. పంపకుండానే చెరిపేశారు. రెండోసారి వీధి మలుపులో పేరు పలక ముందు కాసేపు నిలబడింది. అక్కణ్నించి మందుల షాపు, చెప్పుల షాపు, తన బోర్డు. కాలితో చెప్పు సర్దుకుని, తాళం తీసి, షట్టరు ఒక్క ఊపులో పైకి లేపింది. లోపల తలలు లేని స్టాండ్లు, స్టాండ్లు లేని తలలు, సూదుల పెట్టెలు, విప్పి పరిచిన ఒక మిషను కడుపు. కూతురు వద్దన్నా ఆమె నోరు ఊరుకోలేదు.

‘‘ఇదిగో, మూసేసిన షాపు. కళ్లారా చూడండి.’’

‘‘అమ్మా, మాట్లాడకు!’’

‘‘మాట్లాడకూడదని రాశారా?’’

రాయలేదు. అలాగే పంపారు.

నాలుగో రోజు ధ్రువీకరించామని కబురొచ్చింది. కూతురు ఫోను చాచింది. నూనెక్క చీర కొంగుకు వేళ్లు తుడుచుకుని, మరిది నంబరు తీసేసి తన నంబరు తనే కొట్టింది. ‘శాశ్వతంగా మూసేశారు’ అన్నది ‘తెరిచి ఉంది’ చేసింది.

మర్నాడు పదిన్నరకు మరిది ఫోను.

‘‘వదినా, పేజీలోంచి నన్ను తీసేశావేంటి? ఒక్క మాటైనా చెప్పలేదే!’’

‘‘మూసేసిన షాపులో నీకేం పని నాయనా?’’

‘‘అది కాదు, మన కుటుంబం పేరు...’’

‘‘కుటుంబం మాట ఇంటికొచ్చి చెప్పు, కాఫీ ఇస్తాను. షాపు మాటైతే బోర్డు రాసేవాడితో మాట్లాడుకుంటున్నాను. బ్రదర్స్ అనే మాట చెరపడానికి సాయంత్రం వస్తున్నాడు.’’

‘‘బోర్డు మారిస్తే మ్యాపులో పేరు కూడా మార్చాలి, మళ్లీ రుజువులడుగుతారు తెలుసా?’’ మరిది గొంతులో ఆశ మెరిసింది.

‘‘అడగనీ. షట్టరు నాది, తాళం నాది. రోజూ తీసేదే కదా!’’

ఫోను పెట్టేసింది. వెంటనే మళ్లీ మోగింది. మరిదేననుకుని ‘‘ఏంటి?’’ అని గద్దించింది.

‘‘అమ్మా... కుట్టుమిషన్లు బాగుచేసేది మీరేనా?’’ అంది అవతల భయపడ్డ గొంతు.