తపాలా బిళ్ళంత బొమ్మలో సువార్తమ్మ

సువార్తమ్మ రాజోలు దగ్గర ఒక రొయ్యల ప్లాంటులో తలలు తీసే పని చేసేది. భర్త పోయాక కూతురు బ్లెస్సీని ఆ పనితోనే పెంచింది. వాళ్ళ పేట వెనక కాలువలో స్నానం చేసినప్పుడల్లా బ్లెస్సీ కాళ్ళకి పుండ్లు లేచేవి. పేటలో అందరి పిల్లలకీ అంతే. ప్లాంటు మురుగునీళ్ళు ఎక్కణ్ణుంచి కాలువలో పడుతున్నాయో బయటివాళ్ళకి తెలియదు. గొట్టం మూతిని నీటి మీద పెరిగే గుర్రపుడెక్క కప్పేసి ఉండేది. సువార్తమ్మకి మాత్రం తెలుసు.

ఆమె ఆ సంగతి విలేకరి నాగదుర్గాప్రసాద్‌కి చెప్పింది. అతను పొద్దున్నే కెమెరా పట్టుకుని వెళ్ళాడు. సువార్తమ్మ వెదురుగడతో గుర్రపుడెక్కని పక్కకి నెట్టి పట్టుకుంటే గొట్టంలోంచి నల్లటి నీళ్ళు దూకడం కనిపించింది. ఫొటో తీశాడు.

"నేను పడలేదు కదండీ?" అని అడిగింది సువార్తమ్మ.

"పడ్డారు. కోసేస్తానండి. మీరు ఉన్నట్టు ఎవరికీ తెలియదు. నాది పూచీ" అన్నాడు ప్రసాద్.

ఇంటికి వెళ్ళి పాత కంప్యూటర్లో ఫొటో ఎడమ సగం కోసేశాడు. మిగిలిన సగంలో గొట్టం, నీళ్ళు, గడ కొస మాత్రమే ఉన్నాయి. పేపర్లో ఆ సగమే వచ్చింది. కాలుష్యం మీద ఫిర్యాదులు చూసే కార్యాలయానికి కూడా ఆ సగాన్నే మెయిల్లో పంపాడు. వాళ్ళు సంజాయిషీ కోరుతూ మామూలు పద్ధతిలో ప్లాంటుకి ఫిర్యాదునూ ఫొటో ఫైలునూ పంపారు.

తర్వాత ఒక మధ్యాహ్నం సువార్తమ్మ అతని ఇంటికి వచ్చింది. గుమ్మం ఎక్కలేదు. వీధిలోనే నిలబడింది.

"నన్ను పట్టిచ్చేసేరు కదండీ" అంది.

ప్రసాద్‌కి అర్థం కాలేదు. "ఎవరు చెప్పేరమ్మా? నేను మా ఇంట్లో కూడా అనలేదు."

"మేనేజరు గారు ఆఫీసులోకి పిలిచేరు. కంప్యూటర్లో చూపించేరు. ఆకుపచ్చ చీర, చేతిలో గడ. నేనే. ఇంక రేపట్నించి రావద్దన్నారు. నాతో కూర్చుని తలలు తీసిన ఆడోళ్ళు నన్ను చూసి తలుపులేసుకుంటన్నారండీ. ప్లాంటు మూసేస్తే వాళ్ళ పొట్ట కొట్టింది నేనేనంట."

"అలా ఎలా చూపిస్తారు? మీరున్న సగం నేను ఎవరికీ ఇవ్వలేదు. కావాలంటే పేపరు చూడండి!"

"పేపర్లో లేనండి. వాళ్ళ దగ్గర ఉన్నాను. తపాలా బిళ్ళంత బొమ్మ. చిన్నదే. అయినా నన్ను నేను పోల్చుకోలేనా?"

ఆమె వెళ్ళిపోయింది. ప్రసాద్ మెయిల్లో పంపిన ఫైలు మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాడు. గొట్టమే ఉంది, మనిషి లేదు. తన కంప్యూటర్లోకి ఎవరైనా దూరారా, మెమరీ కార్డు ఎవరైనా తీసుకెళ్ళారా అని భార్య మీద కూడా అరిచాడు. చివరికి ఆ ఫైలు పట్టుకుని అమలాపురంలో ఫొటో స్టూడియో నడిపే స్నేహితుడు శ్యామ్ బాబు దగ్గరికి పరిగెత్తాడు.

శ్యామ్ బాబు ఫైలుని వేరే ప్రోగ్రాంలో తెరిచాడు. తారీఖు, కెమెరా పేరు లాంటి వివరాల కింద ఒక చిన్న బొమ్మ వచ్చింది. అందులో సువార్తమ్మ ఉంది.

ప్రసాద్ స్క్రీనుకి దగ్గరగా వంగాడు.

"ఫొటో తీసేటప్పుడే కెమెరా ఒక చిన్న నకలు చేసి ఫైలు లోపల పెడుతుందండి" అన్నాడు శ్యామ్ బాబు. "ఫొటోలన్నీ వరసగా గబగబా చూపించడానికి. మీరు కోసింది పెద్ద ఫొటోని. కొన్ని ప్రోగ్రాములు దాంతోపాటు ఈ చిన్నదాన్నీ మారుస్తాయి. మీది మార్చలేదు, పాతదాన్ని అలాగే వదిలేసింది. ఫోల్డరు తెరిస్తే కొన్ని కంప్యూటర్లు ఈ చిన్నదాన్నే చూపిస్తాయి."

"మరి పేపర్లో?"

"అచ్చులో పెద్దదే పడుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోలా పంపినా ఇది ఊడిపోయేది. మీరు ఫైలుకి ఫైలే మెయిల్ చేసేరు."

పెద్దది చేసి చూస్తే బొమ్మ అలుక్కుపోయింది. ముక్కూ మొహమూ తెలియడం లేదు. కానీ ఆ చీర, ఆ నిలబడే తీరు చాలు, రోజూ చూసేవాళ్ళు పోల్చడానికి.

"చెరిపెయ్యి శ్యామూ" అన్నాడు ప్రసాద్.

"ఇక్కడ చెరపగలనండి. వాళ్ళ దగ్గరున్నది ఎలా చెరపను?"

ప్రసాద్ స్టూడియోలోనే, గొడుగు లైట్ల మధ్య, తల పట్టుకుని కూర్చుండిపోయాడు.

అంతటితో ఆగలేదు. ఆ కార్యాలయం విచారణకి పిలిచినప్పుడు ప్లాంటు తరఫు లాయరు ఆ చిన్న బొమ్మని పెద్దదాని పక్కన పెట్టి అధికారికి చూపించాడు. "రెండూ ఒకే ఫైల్లోవి సార్. ఒకదానికొకటి పొంతన లేదు. ఫొటో తీశాక మార్చేరు. మార్చిన ఫొటో ఎలా నమ్ముతాం? అసలు ఆ గొట్టం మాదే కాదు."

అధికారి ప్రసాద్ వైపు తిరిగాడు. "కోయని ఫొటో ఉందా?"

"కార్డులో ఉందండి."

"ఇవ్వండి. అందులో మనిషి ఎవరో కూడా చెప్పాలి. లేకపోతే ఫిర్యాదు కొట్టేస్తాను."

ఇస్తే సువార్తమ్మ పేరు రికార్డుకెక్కుతుంది. ఇంక ఏ ప్లాంటూ ఆమెని గేటు లోపలికి రానివ్వదు. ఇవ్వకపోతే కాలువ నల్లగానే ఉంటుంది, ఆమె పని పోయింది ఊరికేనే అవుతుంది. ప్రసాద్ వాయిదా అడిగి తిన్నగా పేటకి వెళ్ళాడు.

సువార్తమ్మ అరుగు మీద బ్లెస్సీ కాళ్ళకి మందు రాస్తోంది. అతను చెప్పింది తల ఎత్తకుండా విన్నది.

"మీరు వద్దంటే ఇవ్వనండి. ఫిర్యాదు పోతే పోనివ్వండి" అన్నాడతను.

"నన్ను అడుగుతున్నారా? నేను మొదట అడిగింది దాచమని కదండీ. ఇంక దాచడానికి నా దగ్గర ఏముంది? కూలీ లేదు. పలకరించే మనిషి లేదు. ఆ బొమ్మలో నన్ను పోల్చి తీసేసిందీ వాళ్ళే, ఇప్పుడు ఆ ఫొటోయే అబద్ధమని చెబుతున్నదీ వాళ్ళేనా?" మందు సీసాకి మూత పెట్టి లేచింది. "నేనే వస్తాను. నేనే చెబుతాను."

బస్సులో ఇద్దరూ వెళ్ళారు. ఆమె ఆడవాళ్ళ సీట్లో కూర్చుంది.

విచారణలో అధికారి ముందు ప్రసాద్ కార్డులోంచి మొత్తం ఫొటో తెరిచాడు. దానికీ లోపలి చిన్న బొమ్మకీ ఈసారి పొంతన కుదిరింది. అందులో సువార్తమ్మ వెనక ప్లాంటు ప్రహరీ, దాని మీద రంగుతో రాసిన పేరు, గోడ కిందనించి బయటికి వచ్చిన గొట్టం వరసగా కనిపిస్తున్నాయి. ఆమెని దాచబోయి ఆ గోడనీ కోసేశానని ప్రసాద్‌కి అప్పుడు తెలిసింది.

"మీరెవరమ్మా?" అన్నాడు అధికారి.

"పొలమూరి సువార్తమ్మనండి. ఈ బొమ్మలో ఉన్నది నేనే. గడ పట్టుకుంది నేనే. ఆ గొట్టం మా షెడ్డు కిందనించే వస్తాదండి. అందులో పడే నీళ్ళు మా చేతులు కడిగిన నీళ్ళే."

లాయరు తన కాగితాలు సర్దుకున్నాడు.

గొట్టాన్ని సిమెంటుతో మూయించారు. నీళ్ళు శుద్ధి చేసేదాకా ప్లాంటు నడపకూడదని ఉత్తర్వులొచ్చాయి. అది మూతపడిన నెలల్లో పేటలో ఆడవాళ్ళకి పని లేకపోయింది. సువార్తమ్మ ఇంటి ముందు నిలబడి తిట్టినవాళ్ళున్నారు. ప్లాంటు మళ్ళీ తెరిచాక అందరినీ తీసుకున్నారు, ఆమెని తప్ప. చుట్టుపక్కల ఏ షెడ్డుకెళ్ళినా పేరు అడిగి పంపేశారు. ఆమె బ్లెస్సీని తీసుకుని అంబాజీపేట వెళ్ళిపోయి కొబ్బరి పీచు పనిలో చేరింది.

ప్రసాద్ ఒకసారి ఫోన్ చేశాడు. పాప కాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాడు.

"తగ్గేయండి" అంది సువార్తమ్మ.

తప్పు తనదేనని, తెలియక జరిగిందని, ఏదైనా సాయం కావాలంటే చెప్పమని అతను ఏకబిగిన చెప్పుకుపోయాడు. ఆమె అంతా విన్నది. వెనకనించి పీచు మిషను చప్పుడు వినిపిస్తోంది.

"ఆయ్. పనిలో ఉన్నానండి" అని ఫోన్ పెట్టేసింది.