ముప్పై ఒకటో వీడియోకు పెట్టిన పేరు

శ్రావణం పెళ్లిళ్ల కుట్లు అయిపోగానే, ఒకటో తారీఖున మల్లేశ్ కర్నూలు పోవాలి. అక్కడొక బట్టల షోరూంలో మెట్ల కింద మిషన్ వేసి ఇస్తామన్నారు. పని ప్యాంట్ల అంచులు మడవడం, రెడీమేడ్ కుర్తీల చేతులు చిన్నవి చేయడం. ఇరవై రెండేళ్లు జాకెట్లు కుట్టిన మనిషికి అది పనే కాదు. ఆ మాట ఆయన అనలేదు. భార్య వసంత అన్నది, అదీ ఒక్కసారే.

గద్వాల పాత బస్టాండ్ వెనక సందులో ఆయన దుకాణం. మగ్గం నేసే ఇంట్లో పుట్టి మిషన్ ఎక్కినవాడు. నూలు బట్టకు పట్టు అంచు కలిసే చోట సూది ఎక్కడ పడితే చీర పిగులుతుందో చేత్తో తడిమి చెప్తాడు. అయినా ఇప్పుడు చీర కొన్నవాళ్లు జాకెట్ రెడీమేడ్‌ది కొంటున్నారు. దుకాణంలో గిరాకీ కంటే ముచ్చట ఎక్కువైంది.

చెల్లెలి బిడ్డ శ్రుతి డిగ్రీ రెండో సంవత్సరం. కాలేజీ అయిపోయాక ధరూర్ పోయే షేర్ ఆటో నిండేదాకా ఈ దుకాణంలోనే కూర్చుంటుంది. ఒకరోజు మామ ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి చూసింది. ఆయన పెట్టినవి నలభై మూడు వీడియోలు. ఫోన్ స్టాండుకు పెట్టి ఓపికగా తీసినవి, మంచివి. చూసినవాళ్లు మాత్రం దేనికీ పది, పన్నెండుకు మించలేదు.

"మామా, గిదేంది? అన్నిటికీ ఒకటే పేరు పెట్టినవ్?"

"ఒకటే ఎట్లయితది? నంబర్లు వేరే ఉన్నయ్ గద!"

నంబర్లు వేరే ఉన్నాయి, నిజమే. 'ఓం శ్రీ జోగులాంబ అమ్మవారి దివ్య ఆశీస్సులతో మల్లేశ్ లేడీస్ టైలర్స్ గద్వాల వీడియో నంబర్ 17.' ఫోన్ తెర మీద ఆశీస్సుల దాకా కనిపించి, ఆ తర్వాత మూడు చుక్కలు. పెళ్లి పత్రికలో పైన అమ్మవారి పేరు లేకుంటే అచ్చు వేయనివ్వరు. కొలతల పుస్తకం మొదటి పేజీ కూడా అట్లనే మొదలవుతుంది. ఆ అలవాటునే ఆయన వీడియోలకు తెచ్చాడు. జాకెట్ బిగుతైందని వెతికే మనిషికి అందులో ఒక్క ముక్క దొరకదు.

"అమ్మవారి పేరు కిందికి తీద్దాం మామా. పైన విషయం పెడదాం."

"అది ముట్టుకోకు బిడ్డా. మిగిలింది నీ ఇష్టం."

మిగిలింది అంటూ ఏమీ లేదు. శ్రుతి ఆయనకు చెప్పకుండానే ఆరు వీడియోల పేర్లు మార్చింది. మిగతావి అట్లనే ఉంచింది, తేడా తెలియాలని. మొదటిసారి పేర్లు చదువుకున్న పిల్లలా పెట్టింది: 'ఆర్మ్‌హోల్ ఆల్టరేషన్ టిప్స్.' పది రోజులైనా ఒక్కరూ రాలేదు. ఆ పేరుతో వందల వీడియోలు ముందే ఉన్నాయి. పైగా గద్వాలలో చంక భాగాన్ని ఆర్మ్‌హోల్ అని ఎవరంటారు?

అప్పుడు బుద్ధిగా కూర్చుని, దుకాణానికి వచ్చే ఆడవాళ్లు ఏమంటున్నారో నోట్‌బుక్‌లో రాసుకుంది. "చెయ్యి లేపితే జాకెట్ మొత్తం పైకొస్తుంది అన్నా." "ఉతికినంక కుంచించుకపోయింది, పెళ్లినాటి జాకెట్ ఇది." అవే మాటలు యూట్యూబ్ వెతికే పెట్టెలో కొట్టి చూసింది. సగం కొట్టగానే మిగతా సగం అదే చూపిస్తోంది. అంటే ఇంకెవరో ముందే అడుగుతున్నారు. పేర్లు మళ్లీ మార్చింది. 'చేయి లేపితే జాకెట్ పైకి వస్తుందా? చంక దగ్గర ఇట్ల సరిచేయండి, గద్వాల.' 'లైనింగ్ బట్ట కుట్టే ముందు నీళ్లలో ఎందుకు నానబెట్టాలి?'

ముప్పై ఒకటో వీడియో దగ్గర ఆగింది. మల్లేశ్ తల్లి హన్మమ్మకు భుజం పట్టేసి, చేయి వెనక్కి పోకుండా అయినప్పుడు ఆయన కుట్టిన జాకెట్ అది. మెడ దగ్గర నుంచి భుజం మీదుగా చేయి చివరి దాకా తెరిచి, నొక్కితే పడే గుండీలు వేశాడు. చేయి కదపనక్కర లేదు. బట్టే చేయి చుట్టూ వస్తుంది. ఇంత పని చేసి, పేరు 'వీడియో నంబర్ 31'. చూసినవాళ్లు నలుగురు. అందులో శ్రుతి ఒకతి.

'భుజం పట్టేసి చేయి లేవని వాళ్లకు జాకెట్, గద్వాల' అని రాసింది.

మూడు వారాలకు ఫోన్లు మొదలయ్యాయి. ముందు ఎక్కడో దూరాన్నుంచి ఉచిత సలహాలు అడిగేవాళ్లు. తర్వాత పెబ్బేరు నుంచి ఒకామె, వనపర్తి నుంచి ఇద్దరు. శ్రుతి చెప్పినట్టు మల్లేశ్ ప్రతి ఒక్కరినీ అడిగాడు: "ఏ వీడియో చూసినరమ్మా?" కొలతల పుస్తకంలో పక్కన రాసుకున్నాడు. ఒక్కరూ నంబర్ చెప్పలేదు. ఆయనకు అనుమానం వచ్చి ఫోన్ తెరిచాడు.

శ్రుతి దుకాణం మెట్లెక్కేసరికి మల్లేశ్ మిషన్ ఆపి ఉన్నాడు.

"అమ్మవారి పేరు తీసేసినవా?"

"తీసెయ్యలే మామా. కింద వివరాలల్ల పెట్టిన."

"చెప్పిన గద ముట్టుకోవద్దని. ఇరవై రెండేండ్లు ఆ పేరు తీసుకోకుండ కత్తెర పట్టలే నేను."

శ్రుతి తల దించుకుంది. తప్పు చేసింది వాస్తవమే. వసంత హుక్కులు కుడుతూ కుడుతూనే అందుకుంది. "బోర్డు మీద ఉంది. పుస్తకంల ఉంది. గోడకు పటం ఉంది. అమ్మవారు ఫోన్ల గూడ నిలబడి గిరాకీని అడ్డుకోవాల్నా?"

"నువ్వు జర ఊకో!"

"మామా," అంది శ్రుతి మెల్లగా, "వీడియో పెట్టి చూడు." ముప్పై ఒకటోది నడిపింది. తెర మీద మల్లేశ్ చేయి. బట్ట పరిచి, కొలత వేయకముందు, చాక్‌పీసుతో మూల మీద 'శ్రీ' అని రాస్తోంది. "అన్నిట్ల గిట్లనే రాస్తవు. వీడియో తెరిచినోళ్లందరు మొదలు చూసేది అదే. తెరవనోళ్లకు ఎట్ల కనబడ్తది?"

మల్లేశ్ రెండోసారి పెట్టి చూశాడు. తాను ప్రతిసారీ అట్లా రాస్తున్న సంగతి ఆయనకే తెలియదు, చేతికి తెలుసు. మిషన్ తొక్కాడు. ధరూర్ ఆటో హారన్ కొడితే, "పో, ఎక్కు, సీటు పోతది" అన్నాడు. అంతే.

శనివారం గోపాల్‌పేట నుంచి లక్ష్మీదేవమ్మ వచ్చింది, ముప్పై ఒకటో వీడియో చూసి, కూతురు పూజతో. వనపర్తిలో బస్సు మారి వచ్చారు. ముసలామె కింద పడితే భుజం విరిగి, అతుక్కుంది కానీ చేయి సగానికే లేస్తుంది. ఏడాదిగా కొడుకు షర్టు వేసుకుని, మీద కొంగు కప్పుకుంటోంది. పెళ్లిళ్లకు పోవడం మానేసింది. వసంతే కొలతలు తీసింది, నొప్పి ఉన్న చోట టేపు ఆనించకుండా. మళ్లీ శనివారానికి జాకెట్ అయింది, ముదురు ఆకుపచ్చ.

బట్టలు మార్చుకునే తెర వెనక ఆమెకు చాలాసేపు పట్టింది. పూజ లోపలికి పోబోతే, "రాకే, నేను చేస్కుంట" అని గొంతు వినిపించింది. గుండీలు ఒక్కొక్కటిగా పడుతున్న చప్పుడు. తెర తీసి ముసలామె బయటికి వచ్చింది. "నా అంతట నేనే తొడుక్కున్న," అంది, కూతురితో కాదు, మల్లేశ్‌తో. "ఇంకో మూడు కుట్టు నాయనా. ఒకటి అంచుది, పెళ్లిళ్లకు."

వాళ్లు పోయాక మల్లేశ్ కర్నూలుకు ఫోన్ చేశాడు. "ఒకటో తారీఖు రాను సేటు. పని ఉంది నాకు." అవతల ఏదో అన్నారు. "కాదు, తర్వాత గూడ రాను. ఇంకొకల్ని చూసుకోండ్రి."

వసంత పళ్లతో దారం తెంపి, కొత్త దారం ఎక్కించుకుంది. సూది బెజ్జం ఆమెకు మూడుసార్లు తప్పింది.

సాయంత్రం శ్రుతి వచ్చేసరికి మల్లేశ్ ఫోన్ స్టాండు సర్ది పెట్టాడు. "అంచు జాకెట్ కోస్తున్న. వీడియో తియ్యి. పేరు నేను చెప్త, రాసుకో." శ్రుతి నోట్‌బుక్ తెరిచింది.

"'ఎవరి సాయం లేకుండ తొడుక్కునే జాకెట్.' ఎట్లుంది?"

"మస్తుంది మామా!"

"చివర్ల గద్వాల పెట్టు." బట్ట పరిచాడు. "దాని తర్వాత అమ్మవారి పేరు."

"చివర్ల ఎవరికి కనబడదు మామా, చుక్కలల్ల పోతది."

"పోతే పోనీ. ఆడ ఉన్నదని నాకు తెలుసు." చాక్‌పీసు తీసుకుని బట్ట మూల మీద 'శ్రీ' రాశాడు. ఈసారి రాస్తున్నానని తెలిసే రాశాడు, తెరలో పడేలా కొంచెం పెద్దగా.