ఇద్దరు రాసిన చేతబడి నాటకం

మంత్రం పలకడానికి పళ్ళు కావాలట. ముందుపళ్ళు లేకపోతే అక్షరం సరిగ్గా పలకదు, అక్షరం పలకకపోతే చేతబడి పారదు. అందుకని మా సీమలో ఎవరిమీదైనా అనుమానం వస్తే ఆ మనిషిని వెల్లకిలా పడేసి పళ్ళు రాయితో ఊడగొట్టేవాళ్ళు. ఈ పని చేసినవాళ్ళు పేరుమోసిన దుర్మార్గులు కారు. పొద్దున్నే లేచి ఎద్దులకు మేత వేసి, పిల్లల్ని ఎత్తుకుని ముద్దాడి, ఆ చేతులతోనే రాయి పట్టినవాళ్ళు.

అలా పళ్ళు పోయిన ఒక ముసలాయన గోరంట్ల దగ్గరి పల్లె నుంచి పారిపోయి ధర్మవరంలో మేనల్లుడి ఇంట్లో తలదాచుకున్నాడు. మేనల్లుడు పట్టుచీరలు నేసేవాడు. మామకు జరిగినదాన్ని నాటకంగా రాశాడు. అదే సంగతి విని పెనుకొండలో ఒక బడిపంతులు కూడా నాటకం రాశాడు. రెండు ప్రతులూ హిందూపురం నాటక సమాజానికి చేరాయి. అవి పంతొమ్మిదివందల ముప్పైల చివరి రోజులు.

సమాజానికి పెద్ద ఒక బెల్లం వ్యాపారి, శెట్టి అనేవాళ్ళం. తెరలూ లైట్లూ ఆయనవే. గోరంట్ల తిరునాళ్ళలో ఆట వేయిస్తానని మాట ఇచ్చాడు. ముసలాయన ఊరివాళ్ళంతా ఆ తిరునాళ్ళకు వస్తారు. వాళ్ళు ఆ నాటకం చూస్తే మామ మళ్ళీ తన ఇంటికి పోగలడని మేనల్లుడి ఆశ. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాసేవాణ్ణి కాబట్టి రెండు ప్రతులూ నా చేతిలో పెట్టి శెట్టి అన్నాడు:

"ఒక రంగం పంతులుది, ఒక రంగం నేసేటోనిది. మార్చి మార్చి పెడితే పాయె. ఇద్దరికీ బాధ ఉండదు."

"నాటకం పెళ్ళి భోజనం కాదు శెట్టీ, బంతికి ఒకరు చొప్పున వడ్డించడానికి" అన్నాను.

ఆయన వినలేదు. తన గుమాస్తా చేత అలాగే కుట్టించాడు.

మధ్యాహ్నం పూట బెల్లం మండీలో రిహార్సల్ పెట్టారు. రాసినవాళ్ళిద్దరూ, ముసలాయనా వచ్చారు. ఊళ్ళోవాళ్ళు కూడా వచ్చి బస్తాల మీద కూర్చున్నారు. మొదటి రంగంలో ముసలివాడు "ఏల నన్నిట్లు బాధించెదరు" అన్నాడు. రెండో రంగంలో అదే మనిషి "యాల కొడతాండారప్పా" అన్నాడు. వాడి భార్య మొదటి రంగంలో చచ్చిపోయి, నాలుగో రంగంలో నీళ్ళ బిందెతో వచ్చింది. జనం పగలబడి నవ్వారు. అంతవరకూ నష్టం లేదు.

అయిదో రంగం పంతులుది. ముసలివాడు నిర్దోషి అని అందులో తేలుతుంది. ఎలా తేలుతుందంటే, అసలు మంత్రగాడు ఇంకొకడు దొరుకుతాడు. ఊరంతా కలిసి వాణ్ణి కట్టెలతో చావబాదుతుంది. వాడు చస్తూ పద్యం పాడతాడు. పద్యం అయిపోగానే బస్తాల మీది జనం "వన్స్ మోర్!" అని అరిచారు. మా దేశంలో పద్యం బాగుంటే చచ్చినవాడు లేచి మళ్ళీ పాడాలి. లేచాడు, మళ్ళీ కొట్టించుకున్నాడు, మళ్ళీ పాడాడు, మళ్ళీ చచ్చాడు. "వన్స్ మోర్!" మూడోసారికి కొట్టేవాళ్ళకు ఊపు వచ్చింది. బస్తాల మీంచి ఇద్దరు దూకి వాళ్ళతో కలిశారు. ఆ తర్వాత కట్టెలు నిజంగా పడ్డాయి. నటుడి భుజం ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను. ఆపమని మేము అరిచింది కూడా జనానికి మెప్పులాగే వినిపించింది.

ముసలాయన గోడవార కూర్చుని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. మేనల్లుడు అది చూశాడు. చూసి పంతులు గొంతు పట్టుకున్నాడు.

"ఏం సామీ, మా మామ మంత్రగాడు కాదు, ఇంకొకడు మంత్రగాడు అంటివి. అంటే సరైనోణ్ణి కొడితే తప్పులేదా?"

"దుష్టశిక్షణ లేకపోతే జనం లేచిపోతారురా!"

"లేచిరి గదా, కట్టెలు పట్టుకోని!"

పంతులు ఊపిరాడక చేతికందిన చెక్క గద తీసి వాడి చెవి మీద కొట్టాడు. వాడు పంతులు ముక్కు మీద గుద్దాడు. ఇద్దర్నీ విడదీసేసరికి ఒకరి చెవీ ఒకరి ముక్కూ నెత్తురోడుతున్నాయి. శెట్టి కుట్టించిన ప్రతిని నా మీదికి విసిరాడు. "ఏమప్పా, ఇంక నీ ఇష్టం. గోరంట్ల ఆట మాత్రం ఆగకూడదు."

కుట్లు విప్పేశాను. ప్రతి రంగానికీ ఒక కాగితం ముక్క తీసుకుని, ఆ రంగం ముగిసేసరికి కథలో ఏం మారిందో, ఎవరికి ఏం తెలిసిందో మాత్రం రాసుకున్నాను. ఏమీ మారని రంగం ఎవరిదైనా పక్కన పెట్టేశాను. అప్పుడు తెలిసింది, ఈ రెండింటికీ గొడవ భాషలో కాదు. ఒక నాటకం చేతబడి ఉందంటుంది, ఇంకొకటి లేదంటుంది. ఒక కథలో రెండూ నిజం కాలేవు. అది తేలకుండా మాటలు ఎంత నునుపు చేసినా అతుకు కనబడుతూనే ఉంటుంది.

పెనుకొండ వెళ్ళి పంతులుతో చెప్పాను. "మీ రెండో మంత్రగాడు పోవాలి."

"వాడే నా నాటకానికి ప్రాణమయ్యా!"

"మొన్న ఆ ప్రాణానికి ఒకడి భుజం విరిగింది. మీ ప్రతిలో గొప్ప సంగతి వేరే ఉంది. బిడ్డకు జ్వరం వస్తే అది ముసలివాడి చేతబడేనన్న భయంతో తండ్రి రాయి తీసుకోవడం. నాటకం దానిమీద నడుస్తుంది."

ఆయన ముక్కు తడుముకుని, పద్యాలన్నీ తీసేస్తావా అన్నాడు. మొదటి రంగంలో భజన చేసేవాళ్ళకు ఒకటి ఉంచాను. పాడేవాడు పాడే చోట పాడతాడు. దెబ్బ తినేవాడు పాడడు.

ధర్మవరంలో మేనల్లుడు ఇంకా మండిపడ్డాడు. అతని ప్రతిలో ఊరివాళ్ళంతా రాక్షసులు. రాక్షసుణ్ణి చూసి అది నేనేనని ఎవడూ అనుకోడు. రాయెత్తే తండ్రి ఏడవాలన్నాను. "కొట్టినోనికి కన్నీళ్ళు యాల పెడతాండావు? వాడు నీ చుట్టమా?" అని కేకలేశాడు. మూలనుంచి ముసలాయన మాట్లాడాడు. పళ్ళు లేని నోట మాట జారిపోతుండేది.

"ఏడ్చినాడబ్బా. రాయి పట్టుకోని ఏడుస్తానే కొట్టినాడు."

మేనల్లుడు తన ప్రతిని నా ముందుకు తోశాడు. కథ నడక పంతులుది, మాట నేసేవాడిది. అయినా ఒక్క వాక్యం కూడా అటునుంచీ ఇటునుంచీ కోసి అతికించలేదు. మొదటినుంచి చివరిదాకా నా చేత్తో తిరగరాసి, పైకి చదువుతూ, చదివినప్పుడు గొంతు మారిన చోటల్లా కొట్టేశాను.

గోరంట్లలో పొద్దుగూకినాక ఆట మొదలైంది. ముసలాయన ముందు వరుసలో కూర్చున్నాడు. ఊరివాళ్ళు గుర్తుపట్టారు. పంతులు తెర పక్కన నిలబడి మాటలు అందిస్తున్నాడు. బిడ్డ తండ్రి ఏడుస్తూ రాయెత్తాడు. హార్మోనియం ఆగింది. దెబ్బ పడింది. అలవాటు కొద్దీ ఎవడో "వన్స్ మోర్" అన్నాడు. రెండో గొంతు కలవలేదు.

అప్పుడు జనంలోంచి నిజం రాళ్ళు వచ్చాయి. ఒకటి పెట్రోమాక్స్ పగలగొట్టింది. ఇంకొకటి పంతులు నుదురు చీల్చింది. అంతా చీకటి. నటులు నోళ్ళు పడిపోయి నిలబడ్డారు. ఆ చీకట్లో పంతులు, కళ్ళలోకి నెత్తురు కారుతుండగా, తన జన్మలో మాట్లాడని మా పల్లె మాటలో బిడ్డ తండ్రి చివరి మాట గట్టిగా అన్నాడు:

"పళ్ళు పీకితిమి గదప్పా, బిడ్డకు జరం యాల తగ్గల్యా?"

 ఆ తర్వాత ఇంకో రాయి రాలేదు.

తెల్లారి ముసలాయన తన పల్లెకు పోవడానికి మూట కట్టుకున్నాడు. మేనల్లుడు అడ్డం నిలబడ్డాడు. "రాళ్ళు పడె గదా మామా, ఇంక యాడికి పోతావు?"

"రాళ్ళు నాటకం మీద పడెరా. చీకట్లో వాళ్ళందరి నడుమ కూచోనుంటి. ఒక్కడూ నా మీద చెయ్యెయ్యలా."

తలకు గుడ్డ కట్టుకున్న పంతులు చెప్పులు తొడుక్కుని, తోడు వస్తానన్నాడు. మేనల్లుడు ఆయన వైపు ఒకసారి చూసి, మామ చేతిలో మూట లాక్కుని తన భుజాన వేసుకుని ముందు నడిచాడు.