మూతలు బిగించిన ఆరు పైపులు

మా మామకు కోపం వస్తే సిమెంటు బస్తాల మీద కూర్చుని బీడీ వెలిగిస్తాడు. నాకు కోపం వస్తే నోరు లేస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న ఏడేళ్లలో మా ఇద్దరికీ పడని రోజులు చాలానే ఉన్నాయి గానీ, ఆయన మాట మీద నాకు అనుమానం వచ్చిన రోజు ఒక్కటీ లేదు. బాపు పోయాక నన్ను డిప్లొమా చదివించింది ఆయనే. చదువయ్యాక, "ఆడపిల్లకు సైటు మీద ఏం పని" అన్నవాళ్ల నోళ్లు మూయించి, నెత్తిన హెల్మెట్ పెట్టి కరీంనగర్‌లో తన వెంట తిప్పుకున్నది కూడా ఆయనే. ఆయన మా అవ్వకు, అంటే అమ్మకు, తమ్ముడు.

నేను చెప్పబోయేది ఒక బట్టల వ్యాపారి కట్టించిన దుకాణం సెల్లార్ గురించి. ఆ పెద్దాయనను నేను చాచా అనేదాన్ని. మూడు తరాలుగా టోకు వ్యాపారం చేస్తున్న కుటుంబం. పాత గోదాములో ఎలుకలు, చెమ్మ పెట్టిన నష్టంతో విసిగిపోయి, కొత్త దుకాణం కింద పొడి సెల్లార్ కావాలని పట్టుబట్టాడు. "బేటీ, నా మాల్ తడవద్దు. గంతే. ఇంకేం అడగ" అన్నాడు మొదటి రోజు. ఆ మాటకు నేను తలూపాను. తలూపిన మనిషిని నేనే కాబట్టి ఆ సెల్లార్ పొడిగా ఉండటం నా పరువు అయి కూర్చుంది.

ఆ స్థలం మానేరు నది వైపు ఉంది. డ్యాం నిండిన ఏడాది అక్కడ గుంత తవ్వితే మనిషి లోతులోనే నీళ్లు తగులుతాయి. అలాంటి చోట సెల్లార్ కడితే నీళ్లతో రెండు పేచీలు. ఒకటి లోపలికి రావడం, దాని సంగతి అందరికీ తెలుసు. రెండోది కింది నుంచి పైకి నెట్టడం, ఇది చాలామందికి తెలియదు. కాంక్రీటు అడుగు మట్టం కంటే రెండు మీటర్లు పైకి నీళ్లు నిలిచాయంటే, ప్రతి చదరపు మీటరును రెండు టన్నుల బలంతో పైకి ఎత్తుతాయి. మా రాఫ్టు, అంటే అడుగున మొత్తం పరిచిన కాంక్రీటు పలక, నలభై సెంటీమీటర్ల మందం. దాని బరువు చదరపు మీటరుకు టన్ను. మీద సెల్లార్ కప్పు బరువు కలిపినా ఒకటిన్నర దాటి పెద్దగా పోదు. పై అంతస్తులు లేచి బరువు పడేదాకా బయట మోటార్లు ఆపకుండా నీళ్లు తోడుతూనే ఉండాలి. ఇవన్నీ నాకు పుస్తకంలో కంటే ముందు మామ చెప్పినవే.

పని మాత్రం మనసు పెట్టి చేశాం. కింద పలుచటి కాంక్రీటు, దాని మీద తారు షీట్లు. ఒక షీటు అంచు మీద ఇంకోటి జానెడులో సగం ఎక్కేలా పరిచి, మంటతో కాల్చి అతికించాం. షీటు మీద ఇనుప చువ్వ గుచ్చుకోకుండా పలుచగా ఇసుక, సిమెంటు కలిపిన మాలు పోసి, ఆపైన రాఫ్టు. రాఫ్టు, గోడ కలిసే చోట రబ్బరు లాంటి వాటర్ స్టాపర్ పట్టీ. గోడకు బయటి వైపు కూడా షీటే. గోడ చుట్టూ అడుగున చిల్లుల పైపు, దాని చుట్టూ కంకర, ఆ నీళ్లన్నీ చేరే మూడు గుంతలు, మూడు గుంతల్లో మూడు మోటార్లు. కరెంటు పోతేనో మోటారు కాలితేనో ఎట్లా అని, రాఫ్టులో నుంచి ఆరు పైపులు పైకి తీసి పెట్టాం. ఒకవేళ కింద నీళ్లు పెరిగితే ఆ పైపుల్లోంచి సెల్లార్‌లోకి వచ్చేస్తాయి. సెల్లార్ తడుస్తుంది, తుడుచుకోవచ్చు. రాఫ్టు మాత్రం లేవదు.

సెల్లార్ కప్పు పోసి నెల దాటింది. వానలు ముసురుపట్టి ఉన్నాయి. ఒకరోజు మామ వచ్చి అన్నాడు.

"బిడ్డా, ఆదిలాబాద్‌ల మన పనికి ఇనుము దిగుతుంది. నువ్వు పోయి కొలిచి దించుకో. మూడు రోజులుండు. గీడ నేను చూసుకుంట."

నేను మారు మాట్లాడకుండా బస్సెక్కాను. ఆదిలాబాద్‌లో మూడు రోజులు కూర్చున్నాను. ఇనుము రాలేదు. ఫోన్ చేస్తే "లారీ ఆగింది, రేపొస్తది" అన్నాడు. నాలుగో రోజు విసుగెత్తి, ఆయనకు చెప్పకుండానే తెల్లారి బస్సు పట్టుకుని కరీంనగర్ వచ్చేశాను.

సైటు దగ్గర ఆటో దిగగానే ఏదో తేడా అనిపించింది. కాసేపటికి అర్థమైంది, మోటార్ల చప్పుడు లేదు. మూడు గుంతల్లోనూ పైదాకా నీళ్లు. రెండింట్లో మోటార్లే లేవు. మూడో దాంట్లో మోటారు ఉంది కానీ ఆగిపోయింది. వాచ్‌మన్ తాత నన్ను చూసి తల వంచుకున్నాడు.

"మోటార్లేవి తాతా?"

"మీ మామ పట్టుకపోయిండమ్మా, మంచిర్యాలకు. ఆడ కొత్త పని దొరికిందట. గీ ఒక్కటి పెట్టిపోయిండు. నిన్న అదీ కాలిపాయె."

మెట్లు దిగి సెల్లార్‌లోకి పోయాను. నేల పొడిగా ఉంది. బయట అన్ని నీళ్లు పెట్టుకుని లోపల అంత పొడిగా ఉండకూడదు. పైపుల వైపు చూశాను. ఆరింటికీ మూతలు బిగించి, పైన సిమెంటు పూసి ఉంది. స్తంభాల నడుమ నేల పొంగింది. ఉబ్బిన చోట పగులు, ఆ పగులులో తడి. చేతిలో ఉన్న నీళ్ల సీసా నేల మీద పడుకోబెడితే స్తంభం వైపు దొర్లింది. బయటికి పరుగెత్తి, నీటి మట్టం చూసుకునే గొట్టంలో తాడు వదిలాను. సెల్లార్ నేల కంటే నా తల ఎత్తున ఉన్నాయి నీళ్లు.

పానా, సుత్తె, ఉలి తెచ్చి సిమెంటు కొట్టి మొదటి మూత తిప్పాను. చివరి చుట్టుకు రాగానే మూత ఎగిరిపోయి, నీళ్లు బుస్సుమని నడుము దాకా లేచాయి. ఆరు మూతలూ తీసేసరికి నిలువునా తడిసిపోయాను. కాళ్ల కింద నీళ్లు పరుచుకుంటున్నాయి. వాచ్‌మన్ భయపడి చాచాకు ఫోన్ చేశాడు.

చాచా వచ్చి మెట్ల మీద నిలబడిపోయాడు. ఆయన కళ్లకు కనిపించింది ఒక్కటే. చేతిలో పానా పట్టుకుని నేను, నా చుట్టూ నీళ్లు.

"యా అల్లా! గిదేంది బేటీ? నీళ్లు నువ్వే ఇడుస్తున్నవా?"

నేను చెప్పబోతుంటే మామ కూడా దిగాడు. వాచ్‌మన్ ఆయనకూ చేసినట్టున్నాడు. చెప్పులు తడవకుండా పై మెట్టు మీదే ఆగి, నా వైపు చూడకుండా అన్నాడు.

"సేఠ్ సాబ్, పైపులు మూయమన్నది గిదే, ఇప్పుడు ఇప్పింది గిదే. చిన్నపిల్ల, పరేషాన్ అయింది. జర ఆగుండ్రి, మోటర్ దించి రెండు గంటల్ల నీళ్లు తోడేస్త."

ఆదిలాబాద్‌లో రాని ఇనుము, మంచిర్యాలకు పోయిన మోటార్లు, నీళ్లు కనిపించకుండా బిగించిన మూతలు, అన్నీ ఒక్కసారే అర్థమయ్యాయి. బయటివాడెవడైనా అయితే తిట్టి ఊరుకునేదాన్ని.

మామ తెప్పించిన చిన్న మోటారును పనివాళ్లు మెట్ల మీదుగా దించబోయారు. అప్పుడు లేచింది నా నోరు. అడ్డం నిలబడ్డాను.

"లోపలి నీళ్లు తోడితే మల్లా నేల లేస్తది చాచా. ఇప్పుడు గీ నీళ్ల బరువే దాన్ని కిందికి ఒత్తి పెడుతుంది. ముందు బయటి నీళ్లు తియ్యాలె. అవి దిగినంక లోపలియి." గోడ మీద నా తల ఎత్తున సుద్దతో గీత గీశాను. "మోటర్లు రాకుంటే నీళ్లు గీ గీత దాక వస్తయి. ఒక్క వేలు కూడ పైకి రావు. వస్తే నన్ను గీడికెళ్లి ఎల్లగొట్టు."

మామ నవ్వాడు. "పుస్తకాల మాటలు సేఠ్ సాబ్."

ఆ నవ్వు నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. నేను చెబుతున్నది నిజమని అక్కడ నాకంటే బాగా తెలిసిన మనిషి ఆయన ఒక్కడే.

చాచా గీత వైపు చూశాడు, మామ పొడి చెప్పుల వైపు చూశాడు. చివరికి ఆ మోటారు పక్కన పెట్టమన్నాడు. బయటి నీళ్లకు అదొక్కటి చాలదు. అద్దె మోటార్ల కోసం ఊరంతా మనుషులను పంపాడు. వానల్లో అందరికీ అవసరమే, వెంటనే ఒక్కటీ దొరకలేదు. నేను మూడు రోజులూ ఆ మెట్ల మీదే కూర్చున్నాను. నీళ్లు మోకాలు దాటాయి, నడుము దాటాయి. చాచా పూటకోసారి వచ్చి, గీత వైపు చూసి, నాతో మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. ఆయనను తప్పుపట్టలేను. ఆయన పొడి సెల్లార్ అడిగితే నేను చెరువు చూపిస్తున్నాను. భయమైతే వేసింది. గీత దాటితే ఎట్లా అని మధ్యమధ్యలో నాకే అనుమానం వచ్చేది.

మూడో రోజు పొద్దున నీళ్లు గీతకు బెత్తెడు కింద ఆగిపోయాయి. మధ్యాహ్నానికీ కదల్లేదు. చాచా ఫోన్ తీసి మామను పిలిపించాడు. వాచ్‌మన్‌ను పక్కన నిలబెట్టుకుని ఒకటే అడిగాడు.

"మోటర్లు యాడున్నయ్?"

మామ జేబులో బీడీ కట్ట వెతుక్కున్నాడు.

ఆ సాయంత్రమే అద్దె మోటార్లు దొరికాయి. గుంతల్లో పెట్టి బయటి మట్టం దించాం, అది దిగిన కొద్దీ లోపలివి తోడాం. నేల దాదాపు పాత చోటికే దిగింది గానీ పగుళ్లు మిగిలాయి. రాఫ్టు కింద తారు షీటు ఎక్కడ చిరిగిందో ఎవరూ చూడలేరు, రాఫ్టు పగలగొట్టకుండా మార్చనూ లేరు. పగుళ్లకు అటూ ఇటూ రంధ్రాలు చేసి, నీళ్లు తగిలితే ఉబ్బే మందు ఎక్కించాం. గోడల వెంట లోపల చిన్న కాలువ, ఒక గుంత, దాంట్లో ఎప్పటికీ ఉండే ఒక మోటారు పెట్టాం. చాచాకు పొడి సెల్లార్ ఇస్తానన్నాను. ఇచ్చింది మాత్రం మోటారు నడిచినంత కాలం పొడిగా ఉండే సెల్లార్. పై అంతస్తుల పని నాకే అప్పజెప్పాడు. సంతోషపడాల్సిందే, పడలేకపోయాను.

మామ నెలన్నర తర్వాత మా ఇంటికి వచ్చాడు. అవ్వ చాయ్ పెట్టడానికి లోపలికి పోయింది. ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. నేనే అడిగాను.

"నేల లేస్తదని నీకు తెల్వదా మామా?"

"తెలుసు బిడ్డా. ఒక్క మోటరుతోని నాలుగు రోజులు ఆగుతది అనుకున్న. గంతలోపల తెచ్చి పెడుదామనుకున్న."

"మరి నా పేరెందుకు చెప్పినవ్?"

ఆయన కళ్లు తిప్పుకోకుండా నా ముఖంలోకి చూశాడు.

"నువ్వైతే ఏమనవ్ అనుకున్న."

నేను లేచి, చాయ్ రెండు కప్పులే పెట్టమని అవ్వకు చెప్పి బయటికి వచ్చేశాను.